ఐటీ నుంచి బ్యాంకులకు: రేషియో చార్ట్‌లో సెక్టార్ రొటేషన్ ఎలా కనిపిస్తుంది?

ఈ ఎపిసోడ్‌ని నేరుగా ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

2023లో నిఫ్టీ బ్యాంక్ ఇండెక్స్ సుమారు 12 శాతం పెరిగింది. మరి ఆ సంవత్సరం బ్యాంకులు గెలిచాయా, ఓడిపోయాయా?

ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతం వచ్చే టైమ్‌లో 12 శాతం వచ్చిందంటే చాలామంది "గెలిచాయి" అంటారు. కానీ అదే 2023లో నిఫ్టీ 50 సుమారు 20 శాతం పెరిగింది. అంటే ఏమీ ఆలోచించకుండా ఒక మామూలు ఇండెక్స్ ఫండ్ కొని పడుకున్నవాడికి 20 వచ్చింది. బ్యాంకులే ముద్దు అని పట్టుకు కూర్చున్నవాడికి 12 వచ్చింది. ధర పెరిగింది, కానీ మిగతా మార్కెట్‌తో పోలిస్తే వెనకబడింది. ఈ సంగతి మామూలు ప్రైస్ చార్ట్‌లో కనిపించదు. అందులో గీత పైకే పోతుంది, పచ్చగా కళకళలాడుతుంది.

ఇది కనపడాలంటే రేషియో చార్ట్ కావాలి. ఇవాళ దాన్ని ఎలా వేయాలో, ఎలా చదవాలో, ఎక్కడ మోసం చేస్తుందో చూద్దాం. సెక్టార్లు చాలా ఉన్నాయి కానీ మనం రెండే తీసుకుందాం, ఐటీ, బ్యాంకులు. 2019 చివరి నుంచి 2023 చివరి దాకా ఈ రెండూ ఆడిన ఆట చూస్తే సెక్టార్ రొటేషన్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ముందే ఒక మాట. నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ని కాదు. ఇక్కడ చెప్పేవన్నీ జరిగిపోయిన నంబర్లు, నేర్చుకోవడానికి మాత్రమే. ఇది కొనండి, అది అమ్మండి అని నేను చెప్పట్లేదు.

రేషియో అంటే ఒక భాగహారం, అంతే

సెక్టార్ ఇండెక్స్ విలువని నిఫ్టీ 50 విలువతో భాగించండి. వచ్చిన నంబర్‌ని ప్రతి వారం గీతలా కలుపుకుంటూ పోండి. అదే రేషియో చార్ట్. దీన్నే రిలేటివ్ చార్ట్ అని కూడా అంటారు.

గీత పైకి పోతుంటే ఆ సెక్టార్ నిఫ్టీ కన్నా బాగా చేస్తోంది. కిందికి వస్తుంటే నిఫ్టీ కన్నా వెనకబడుతోంది. అడ్డంగా ఉంటే రెండూ ఒకే స్పీడ్‌లో ఉన్నాయి. ఇక్కడ రేషియో విలువ 2 ఉందా, 1.5 ఉందా అన్నదానికి సొంతంగా అర్థం ఏమీ లేదు. నిఫ్టీ ఐటీని ఏ బేస్‌తో మొదలుపెట్టారు, నిఫ్టీ 50ని ఏ బేస్‌తో మొదలుపెట్టారు అన్నదాన్ని బట్టి ఆ నంబర్ వస్తుంది. మనకి కావాల్సింది దాని దిశ.

ట్రేడింగ్‌వ్యూలో వేయడం చాలా ఈజీ. పైన సింబల్ బాక్స్‌లో మధ్యలో స్లాష్ పెట్టి ఇలా టైప్ చేయండి:

```
NSE:CNXIT/NSE:NIFTY
NSE:BANKNIFTY/NSE:NIFTY
```

మొదటిది ఐటీది, రెండోది బ్యాంకులది. టైమ్‌ఫ్రేమ్ వీక్లీ పెట్టండి. డైలీ పెడితే ప్రతి చిన్న వార్తకీ గీత ఎగిరెగిరి పడుతుంది, తల తిరుగుతుంది తప్ప ఏమీ అర్థం కాదు. సెక్టార్ రొటేషన్ నెలల తరబడి జరిగే వ్యవహారం, దానికి వారం కన్నా చిన్న కొలత అక్కర్లేదు.

ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో చేయాలంటే niftyindices.com లో పాత డేటా దొరుకుతుంది. బి కాలమ్‌లో ఐటీ, సి కాలమ్‌లో నిఫ్టీ 50 పెట్టి, డి, ఈ కాలమ్స్‌లో ఈ రెండు ఫార్ములాలు రాయండి:

```
=B2/C2
=D2/$D$2*100
```

మొదటిది రేషియో. రెండోది మొదటి రోజుని 100 అనుకుని మిగతావాటిని దాంతో పోల్చడం. రెండు మూడు సెక్టార్లని పక్కపక్కన చూడాలంటే ఈ రెండోది తప్పకుండా కావాలి. అందరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరుగు మొదలుపెట్టించడం లాంటిది.

ఐటీ కథ

ఇప్పుడు నంబర్లు చూద్దాం. సంవత్సరం చివరి రోజు ముగింపు విలువలు మాత్రమే తీసుకుంటున్నా, కాస్త రౌండ్ చేసి చెబుతున్నా.

2019 చివర్లో నిఫ్టీ ఐటీ సుమారు 15,650. నిఫ్టీ 50 సుమారు 12,168. భాగిస్తే 1.29. దీన్నే మనం 100 అనుకుందాం.

2020 చివరికి ఐటీ 24,250, నిఫ్టీ 13,982. రేషియో 1.73. మన స్కేల్‌లో 135.

2021 చివరికి ఐటీ 38,700, నిఫ్టీ 17,354. రేషియో 2.23. మన స్కేల్‌లో 173.

అంటే రెండేళ్లలో ఐటీ కేవలం పెరగడం కాదు, నిఫ్టీ మీద 73 శాతం ఆధిక్యం సంపాదించింది. ఎందుకో మనందరికీ గుర్తుంది. కోవిడ్, వర్క్ ఫ్రమ్ హోమ్, ప్రతి కంపెనీ క్లౌడ్ అంటూ పరిగెత్తడం, అమెరికాలో వడ్డీ రేట్లు దాదాపు సున్నా. హైదరాబాద్‌లో ఒక్కొక్కరి చేతిలో మూడేసి ఆఫర్ లెటర్లు ఉన్న రోజులవి.

ఇప్పుడు 2021 డిసెంబర్ చివర్లో ఒక మనిషి ఫోన్‌లో మ్యూచువల్ ఫండ్ యాప్ ఓపెన్ చేశాడనుకోండి. "ఒక సంవత్సరం రిటర్న్" అని సార్ట్ చేస్తే ఐటీ పైవరసల్లోనే ఉంటుంది. నిఫ్టీ ఐటీ 2020లో సుమారు 55 శాతం, 2021లో సుమారు 60 శాతం. అది చూసి లక్ష రూపాయలు పెట్టాడు.

2022 చివరికి నిఫ్టీ ఐటీ సుమారు 28,620. ఆయన లక్ష సుమారు 74,000 అయింది. అదే రోజు నిఫ్టీ 50లో పెట్టి ఉంటే, అది 18,105కి చేరింది కాబట్టి, లక్షా నాలుగు వేలు దాటేది. ఇంకో సంగతి, 26 శాతం పోయిన డబ్బు మళ్లీ లక్షకి రావాలంటే 26 శాతం పెరిగితే సరిపోదు, 35 శాతం పెరగాలి.

మన స్కేల్‌లో ఐటీ 173 నుంచి 123కి పడింది. ఒక్క ఏడాదిలో.

ఇక్కడ ముఖ్యమైన పాయింట్ చూడండి. 2022లో మార్కెట్ మొత్తం కూలిపోలేదు. జూన్‌లో నిఫ్టీ గట్టిగానే పడింది కానీ, డిసెంబర్ 1న కొత్త రికార్డు ముగింపు పెట్టింది, 18,800 దాటి. అదే రోజు ఐటీ ఇండెక్స్ మాత్రం జనవరిలో తాను చేరిన 39,000 పైచిలుకు శిఖరానికి సుమారు ఐదో వంతు కింద ఉంది. టీవీలో "మార్కెట్ ఆల్ టైమ్ హై" అని వస్తుంటే, ఐటీ ఫండ్ పట్టుకున్నవాడు తన యాప్ చూసుకుని "మరి నా డబ్బేంటి ఇలా ఉంది" అనుకున్నాడు. రొటేషన్ అంటే ఇదే. ఇల్లు అదే, ఒక గదిలో లైట్ ఆపి ఇంకో గదిలో వేశారు.

లైట్ ఎక్కడ వెలిగింది?

బ్యాంకుల రేషియో చూద్దాం. 2019 చివర్లో నిఫ్టీ బ్యాంక్ సుమారు 32,160. నిఫ్టీతో భాగిస్తే 2.64. దీన్నీ 100 అనుకుందాం.

2020 చివరికి 85. 2021 చివరికి 77. 2022 చివరికి 90. 2023 చివరికి 84.

ఐటీ వరస ఇది: 100, 135, 173, 123, 127. బ్యాంకుల వరస ఇది: 100, 85, 77, 90, 84. ఒకటి లేచినప్పుడు ఇంకొకటి పడింది, నాలుగేళ్లూ. తూగుడుబల్ల మీద ఇద్దరు పిల్లలు కూర్చున్నట్టు.

2021ని కాస్త జాగ్రత్తగా చూడండి. ఆ ఏడాది నిఫ్టీ బ్యాంక్ ధర సుమారు 13 శాతం పెరిగింది. ప్రైస్ చార్ట్ పచ్చగానే ఉంది. రేషియో మాత్రం 85 నుంచి 77కి దిగింది, ఎందుకంటే నిఫ్టీ 24 శాతం పెరిగింది. 2020లో ఆర్‌బీఐ లోన్ల మీద మారటోరియం ఇచ్చింది కదా, అది ఆగస్టు చివరిదాకా నడిచింది. అది అయిపోయాక ఎంతమంది ఈఎంఐలు కడతారో, ఎన్ని లోన్లు మునుగుతాయో అన్న భయం బ్యాంకుల మీద చాలా కాలం ఉంది.

2022లో రెండు పనులు ఒకేసారి జరిగాయి.

ఒకటి, అమెరికా. 2022 మార్చిలో ఫెడ్ వడ్డీ రేటు పెంచడం మొదలుపెట్టింది. దాదాపు సున్నా నుంచి డిసెంబర్‌కి 4.25–4.50 శాతానికి తీసుకెళ్లింది. అక్కడ టెక్ షేర్లు కుప్పకూలాయి, నాస్‌డాక్ ఆ ఏడాది సుమారు మూడో వంతు పోగొట్టుకుంది. మన ఐటీ కంపెనీల ఆదాయంలో పెద్ద భాగం అమెరికా క్లయింట్ల నుంచే వస్తుంది. అక్కడ మాంద్యం వస్తుందేమో అన్న భయంతో క్లయింట్ ప్రాజెక్టులు వాయిదా వేస్తే, ఇక్కడ రెవెన్యూ ఆగుతుంది. దానికి తోడు, ఉద్యోగులు మారిపోతుంటే ఆపడానికి పెంచిన జీతాల వల్ల లాభాల మార్జిన్ తగ్గింది.

రెండు, ఇండియా. 2022 మే 4న ఆర్‌బీఐ మామూలు షెడ్యూల్‌లో లేని మీటింగ్ పెట్టి రెపో రేటుని 4 నుంచి 4.40కి పెంచింది. తర్వాత వరసగా పెంచుతూ డిసెంబర్‌కి 6.25కి చేర్చింది. ఇక్కడ ఒక మెకానిజం అర్థం చేసుకోవాలి. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లని రెపో లాంటి బయటి రేటుకి లింక్ చేయాలి. అంటే రెపో పెరిగితే మీ లోన్ వడ్డీ మూడు నెలల్లోపే మారుతుంది. కానీ మీరు రెండేళ్లకి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ రెండేళ్ల దాకా మారదు. సేవింగ్స్ అకౌంట్ వడ్డీ అయితే అసలు కదలలేదనే చెప్పాలి. బ్యాంక్‌కి వచ్చేది ముందు పెరిగింది, ఇచ్చేది తర్వాత పెరిగింది. మధ్యలో ఉన్న తేడా బ్యాంక్ లాభం. పైగా భయపడినంతగా లోన్లు మునగలేదు, కొత్త లోన్లు రెండంకెల స్పీడ్‌లో పెరిగాయి. పబ్లిక్ సెక్టార్ బ్యాంకుల ఇండెక్స్ అయితే ఆ ఏడాది సుమారు 70 శాతం పెరిగింది.

కామెంట్స్‌లో కొందరు అడుగుతుంటారు, "అన్నా, వడ్డీ రేట్లు పెరిగితే ఏ సెక్టార్ కొనాలి, తగ్గితే ఏది కొనాలి, ఒక చార్ట్ పెట్టు" అని. ఆ గుండ్రటి చక్రం మీరు ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. మొదట్లో ఫైనాన్షియల్స్, తర్వాత టెక్నాలజీ, తర్వాత ఎనర్జీ, చివర్లో ఎఫ్ఎమ్‌సీజీ, ఫార్మా అని. అమెరికా మార్కెట్‌ని చూసి శామ్ స్టోవాల్ అనే ఆయన దాన్ని పాపులర్ చేశారు. దాన్ని తెచ్చి మన మార్కెట్‌కి యథాతథంగా అతికిస్తే ఒక చిక్కు ఉంది. మన దగ్గర ఐటీ సెక్టార్ లిస్ట్ అయింది ఇక్కడ, కానీ తిరిగేది అమెరికా చక్రంలో. బ్యాంకులు తిరిగేది మన దేశ చక్రంలో. 2022లో రెండు దేశాల్లోనూ రేట్లు పెరిగాయి. ఒకే కారణం ఐటీని పడేసింది, బ్యాంకులని లేపింది. అందుకే చక్రం బొమ్మ చూసి కొనకండి. రేషియో ఏం చేస్తోందో ముందు చూడండి, కారణం తర్వాత వెతకండి, రెండూ ఒకటే మాట చెబుతున్నాయో లేదో సరిచూసుకోండి.

టర్న్ అయిందని ఎలా తెలుస్తుంది?

సంవత్సరం చివరి నంబర్లు చూసి ఇప్పుడు కథ చెప్పడం సులభం. అప్పట్లో, జరుగుతున్నప్పుడు ఎలా తెలుస్తుంది? అసలు కష్టం ఇక్కడే ఉంది.

నేను వాడే పద్ధతి చెబుతా. వీక్లీ రేషియో చార్ట్ మీద 30 వారాల మూవింగ్ యావరేజ్ వేస్తా. అంటే గత 30 వారాల రేషియోల సగటు. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకుంటా.

మొదటిది: రేషియో ఆ యావరేజ్ కిందికి వచ్చి కనీసం నాలుగు వారాలు అక్కడే ఉందా? ఒక్క వారం కిందికి దిగి మళ్లీ పైకెళ్తే దాన్ని లెక్కలోకి తీసుకోను.

రెండోది: ఆ యావరేజ్ గీత కూడా కిందికి వంగిందా? రేషియో కిందికి వచ్చినా యావరేజ్ ఇంకా పైకే పోతుంటే అది చాలాసార్లు చిన్న విశ్రాంతి మాత్రమే. రెండూ కిందికి తిరిగితే అప్పుడు సీరియస్‌గా తీసుకుంటా.

మూడోది: ఎంతమంది కలిసి పడుతున్నారు? నిఫ్టీ ఐటీలో పది కంపెనీలు ఉంటాయి. వాటిలో రెండు మూడు పెద్ద కంపెనీల బరువే సగం దాటుతుంది. ఇన్ఫోసిస్ రిజల్ట్స్ ఒక్కటి బాగోలేకపోతే చాలు, ఇండెక్స్ మొత్తం పడినట్టు కనిపిస్తుంది. అందుకే పది కంపెనీలనీ విడివిడిగా చూసి, గత మూడు నెలల్లో నిఫ్టీ కన్నా ఎక్కువ చేసినవి ఎన్నో లెక్కపెట్టండి. పదిలో ఎనిమిది వెనకబడితే అది సెక్టార్ సమస్య. రెండే వెనకబడితే ఆ రెండు కంపెనీల సమస్య. సెక్టార్ వదిలి డబ్బు పోతోందని అప్పుడే అనకండి.

30 వారాలే ఎందుకు, 25 ఎందుకు కాదు అని అడగొచ్చు. దాంట్లో మంత్రం ఏమీ లేదు. చిన్న నంబర్ పెడితే సిగ్నల్ తొందరగా వస్తుంది, తప్పుడు సిగ్నల్స్ కూడా ఎక్కువ వస్తాయి. పెద్దది పెడితే తప్పులు తగ్గుతాయి, కానీ మీరు లేటుగా మేల్కొంటారు. ఏది ఎంచుకున్నా ఒకటి మాత్రం ఖాయం, ఈ పద్ధతి మీకు శిఖరం దగ్గర ఎప్పుడూ చెప్పదు. కొండ దిగడం మొదలై కొంత దూరం వచ్చాకే చెబుతుంది. శిఖరం దగ్గర అమ్మించే చార్ట్ ఉందని ఎవరైనా కోర్స్ అమ్మితే ఆ డబ్బు దాచుకోండి.

ఎక్కడ మోసపోతారు?

ఇప్పుడు నాలుగు విషయాలు. ఇవి తెలియకుండా రేషియో చార్ట్ వాడితే, వాడకపోవడమే నయం.

ఒకటి. రేషియో పెరిగిందంటే లాభం వచ్చినట్టు కాదు. నిఫ్టీ 10 శాతం పడి, ఎఫ్ఎమ్‌సీజీ 4 శాతం పడిందనుకోండి. 96ని 90తో భాగించండి, 1.067 వస్తుంది. రేషియో దాదాపు 7 శాతం పెరిగింది, చార్ట్ అద్భుతంగా ఉంది, మీ జేబులో మాత్రం 4 శాతం తగ్గింది. మార్కెట్ పడేటప్పుడు ఎఫ్ఎమ్‌సీజీ, ఫార్మా రేషియోలు లేవడం చాలాసార్లు ఇలాంటిదే. జనం భయపడి దాక్కునే చోటు అది. అందుకే రేషియో చార్ట్ కింద ఆ సెక్టార్ మామూలు ప్రైస్ చార్ట్ కూడా పెట్టుకోండి. రెండూ పైకి పోతుంటే ఒక అర్థం. రేషియో పైకి, ధర కిందికి అయితే పూర్తిగా వేరే అర్థం.

రెండు. "డబ్బు కదిలింది" అనే మాట. మనం అందరం వాడతాం, నేను కూడా ఈ వీడియోలో వాడుతున్నా. కానీ నిజంగా ఏం జరుగుతుందో ఆలోచించండి. ఒకడు ఐటీ షేర్ అమ్మాడంటే ఇంకొకడు కొన్నాడు. కొనేవాడు లేకుండా అమ్మకం జరగదు. డబ్బు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పోయినట్టు కాదు. జరిగేది ఏంటంటే, అమ్మేవాడి తొందర ఎక్కువై తక్కువ ధరకి ఒప్పుకుంటున్నాడు. రేషియో చూపించేది ఆ తొందరని, డబ్బు మొత్తాన్ని కాదు. 2022లో విదేశీ ఇన్వెస్టర్లు మన షేర్లని నికరంగా సుమారు 1.2 లక్షల కోట్ల రూపాయల మేర అమ్మారు. అయినా నిఫ్టీ ఏడాది చివరికి 4 శాతం లాభంలోనే ఉంది, ఎందుకంటే మీ నా సిప్‌లతో నడిచే దేశీయ ఫండ్లు కొన్నాయి. విదేశీ డబ్బు ఏ సెక్టార్‌లో ఎంత ఉందో నిజంగా చూడాలనుకుంటే ఎన్ఎస్‌డీఎల్ వెబ్‌సైట్‌లో పదిహేను రోజులకోసారి సెక్టార్ల వారీగా లెక్క పెడుతుంది. రేషియో చెప్పినదాన్ని ఆ లెక్కతో సరిచూసుకోవచ్చు.

మూడు. ఐటీ, బ్యాంకులు రెండూ నిఫ్టీ లోపలే ఉన్నాయి. ముఖ్యంగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కలిపితే నిఫ్టీలో మూడో వంతు పైనే. అంటే బ్యాంకులని నిఫ్టీతో భాగించినప్పుడు కొంతవరకు బ్యాంకులని బ్యాంకులతోనే భాగిస్తున్నాం. బ్యాంకులు బాగా పెరిగితే అవే నిఫ్టీని కూడా లాక్కుని పోతాయి, రేషియోలో తేడా చిన్నగా కనిపిస్తుంది. ఐటీ వరసలో ఊపు అంత పెద్దగా, బ్యాంకుల వరసలో చిన్నగా ఉండడానికి ఇదీ ఒక కారణం. దీన్ని దాటాలంటే సెక్టార్‌ని సెక్టార్‌తోనే భాగించండి:

```
NSE:BANKNIFTY/NSE:CNXIT
```

2021 చివర్లో ఇది సుమారు 0.92. 2022 చివర్లో సుమారు 1.50. ఒక్క ఏడాదిలో 60 శాతానికి పైగా మార్పు. అదే కథ, కానీ ఇప్పుడు ఎంత గట్టిగా కనిపిస్తోందో చూడండి.

నాలుగు. మారిన ప్రతిసారీ ఖర్చు. షేర్లు గానీ ఈక్విటీ ఫండ్ గానీ కొన్న 12 నెలల లోపు అమ్మితే వచ్చిన లాభం మీద 20 శాతం ట్యాక్స్, 2024 జులై 23 నుంచి. లక్ష పెట్టి పది వేలు లాభం వస్తే రెండు వేలు ట్యాక్స్‌కే పోతుంది, ఫండ్‌లో ఎగ్జిట్ లోడ్ ఉంటే అదనం. అంటే కొత్త సెక్టార్ పాత సెక్టార్ కన్నా ఆ మేరకు ఎక్కువ చేస్తేనే మీరు మారినందుకు బ్రేక్ ఈవెన్. తప్పుడు సిగ్నల్స్ రెండు వస్తే, రేషియో కరెక్ట్‌గా ఉన్న సంవత్సరం సంపాదించినదాన్ని ఇవే తినేస్తాయి.

2023 ఆ సంగతే చెబుతుంది. ఐటీ ధర సుమారు 24 శాతం పెరిగింది. "ఐటీ ఈజ్ బ్యాక్" అన్నారు. కానీ నిఫ్టీ 20 శాతం పెరిగింది కాబట్టి, మన స్కేల్‌లో ఐటీ 123 నుంచి 127కే చేరింది. అటు 2022 హీరో అయిన బ్యాంకులు 90 నుంచి 84కి జారాయి. అసలు పరుగు ఎక్కడ ఉందంటే, రియల్టీ ఇండెక్స్ ఆ ఏడాది సుమారు 80 శాతం పెరిగింది. 2022 గెలుపు చూసి 2023 జనవరిలో బ్యాంకుల్లోకి మారినవాడు నిఫ్టీ కన్నా వెనకబడ్డాడు. 2021 గెలుపు చూసి ఐటీలోకి వెళ్లినవాడికి జరిగిందే చిన్న సైజులో మళ్లీ జరిగింది.

మరి దీన్ని దేనికి వాడాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతా. రేషియో చార్ట్ కొనమని చెప్పడానికన్నా, కొనేముందు ఆగమని చెప్పడానికి బాగా పనికొస్తుంది. సెక్టార్ ఫండ్ ఒకటి కొనబోతున్నారు, యాప్‌లో ఒక సంవత్సరం రిటర్న్ 60 శాతం అని మెరిసిపోతోంది. అప్పుడు రేషియో తెరవండి. అది ఇప్పటికే రెండేళ్లుగా ఎక్కుతూ వచ్చి, ఇప్పుడు 30 వారాల యావరేజ్ కిందికి దిగి కూర్చుందా? అయితే ఆ 60 శాతం మీకోసం ఎదురుచూడట్లేదు, అది అయిపోయిన భోజనం. విస్తరి మాత్రమే మిగిలింది.

ఇంకొకటి, ఇది మన ప్రేక్షకుల్లో చాలామందికి నేరుగా తగులుతుంది. నేనూ సాఫ్ట్‌వేర్‌లోంచే వచ్చాను కాబట్టి చెబుతున్నా. మీరు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో, బెంగళూరులోనో ఐటీ కంపెనీలో పనిచేస్తున్నారు. మీ జీతం ఐటీ. కంపెనీ ఇచ్చిన షేర్లు ఉంటే అవీ ఐటీ. బాగా తెలిసిన రంగం కదా అని ఐటీ ఫండ్‌లో సిప్ కూడా వేశారు. ఐటీ రేషియో పడుతున్న రోజుల్లోనే హైరింగ్ తగ్గుతుంది, హైక్ ఆగుతుంది, బెంచ్ మీద ఉన్నవాళ్లకి నిద్ర పట్టదు. ఎందుకంటే రెండింటికీ కారణం ఒకటే, అమెరికా క్లయింట్ ఖర్చు తగ్గించడం. ఉద్యోగం పోయిన నెలలోనే మీ ఎమర్జెన్సీకి దాచుకున్న ఫండ్ కూడా 26 శాతం కింద ఉంటే పరిస్థితి ఏంటో ఊహించండి. ఈ రిస్క్ చూడడానికి సిగ్నల్ కూడా అక్కర్లేదు. మీ మొత్తం డబ్బులో ఐటీ ఎంత ఉందో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. నిఫ్టీ 50 ఫండ్‌లో కూడా కొంత ఐటీ ఉంటుంది, అది కూడా కలపండి.

ఈ వారం ఒక పని చేయండి. `NSE:CNXIT/NSE:NIFTY` వీక్లీ చార్ట్ తెరిచి 2019 దాకా వెనక్కి వెళ్లండి. 30 వారాల యావరేజ్ వేయండి. మనం చెప్పుకున్న మూడు ప్రశ్నల్లో మొదటి రెండూ 2022లో ఏ వారంలో "అవును" అయ్యాయో వెతకండి. ఆ రోజు ఐటీ ధర శిఖరం నుంచి ఎంత దిగి ఉందో, ఆ తర్వాత ఇంకా ఎంత దిగిందో కూడా రాసుకోండి. మొదటిది ఈ పద్ధతి మీ దగ్గర తీసుకునే ఫీజు. రెండోది మీకు మిగిల్చేది. ఆ రెండు నంబర్లూ కామెంట్‌లో పెట్టండి. తేదీలు తేడాగా వస్తే ఎందుకు వచ్చాయో వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం.

సరే మరి, ఉంటాను. బై.